పద్యానికి పట్టు పాదం మొదట్లో ఉంది

సినిమా పాటలోనైనా, ఎన్నికల నినాదంలోనైనా, శుభలేఖ మీద అచ్చు వేయించే నాలుగు పంక్తుల్లోనైనా వరసల చివర మాటలు ఒకేలా మోగితే ‘ప్రాస బాగా కుదిరింది’ అంటాం. ఆ అలవాటుతోనే ఒక కంద పద్యాన్నో ఉత్పలమాలనో తీసుకుని పాదాల చివర వెతికితే చాలాసార్లు ఏమీ కనబడదు. ఒక పాదం ‘న్’తో ముగుస్తుంది, ఇంకొకటి ‘ల’తో ముగుస్తుంది, మరొకటి మాట మధ్యలోనే తెగిపోతుంది. పద్యం చదవడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే తికమకపడతారు. ఇందులో ప్రాస ఎక్కడుంది, ఇంత కట్టుదిట్టమైన నియమాలంటారే అవి ఎక్కడ పనిచేస్తున్నాయి అని అడుగుతారు.

అవి పాదం మొదట్లో పనిచేస్తున్నాయి. మొదటి అక్షరం దగ్గర యతి, రెండో అక్షరం దగ్గర ప్రాస. చివరి అక్షరం మీద పద్యానికి పట్టింపే లేదు.

దీన్ని నిర్వచనాలతో కాకుండా ఒక చిన్న పద్యం చేతిలో పెట్టుకుని చూడడం మేలు. ఈ వ్యాసం కోసమే కట్టిన సాదాసీదా కందం ఇది. వాన తరువాతి పల్లె దీని విషయం.

కాలువ పారెను గలగల
నేలకు పచ్చదన మబ్బె నిగనిగలాడన్
మేలని రైతులు మురిసిరి
పాలును పంటయును పొంగె వాడల నిండన్

ఇదే విషయాన్ని పాటలా చివరలు కలిపి చెబితే ఇలా ఉంటుంది.

కాలువ గలగల పారింది
చేనంతా పచ్చగ మారింది
రైతుల మనసులు మురిశాయి
ముంగిట గింజలు కురిశాయి

రెండోది వినగానే చెవికి పట్టుకుంటుంది. పారింది, మారింది, మురిశాయి, కురిశాయి. మొదటిదానిలో గలగల, నిగనిగలాడన్, మురిసిరి, నిండన్ అని నాలుగు పాదాలూ నాలుగు రకాలుగా ముగిశాయి. రెండు, నాలుగు పాదాల చివర ‘న్’ కలవడం యాదృచ్ఛికమే, దానివల్ల పద్యానికి ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు. ఇప్పుడు పాదాల మొదళ్లు మాత్రం పైకి చదవండి: కాలువ, నేలకు, మేలని, పాలును. నాలుగింటిలోనూ రెండో అక్షరం ‘ల’. లు, ల, ల, లు. అచ్చు మారింది కానీ హల్లు మారలేదు. పద్యంలో ప్రాస అంటే ఇదే. పాదంలో రెండో అక్షరపు హల్లు నాలుగు పాదాల్లోనూ ఒక్కటే కావాలి, దాని మీద ఏ అచ్చున్నా ఫరవాలేదు.

యతి చూడాలంటే ఒక్కో పాదం లోపలికి వెళ్లాలి. కందంలో ఒకటి, మూడు పాదాలు పొట్టివి, మూడేసి గణాలు. రెండు, నాలుగు పాదాలు పొడుగువి, అయిదేసి గణాలు. ఒక్కో గణం నాలుగు మాత్రల పొడవు; అంటే ‘ని’ వంటి పొట్టి అక్షరానికి ఒకటి, ‘నే’ వంటి దీర్ఘానికీ, ఒత్తక్షరానికి ముందున్న అక్షరానికీ, సున్న ఉన్నదానికీ, పొల్లుతో ముగిసేదానికీ రెండు చొప్పున లెక్క. పొడుగు పాదాల్లో మొదటి గణం మొదటి అక్షరానికీ, నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు కుదరాలి. రెండో పాదాన్ని గణాలుగా విడదీస్తే ఇలా వస్తుంది: నేలకు, పచ్చద, నమబ్బె, నిగనిగ, లాడన్. మొదటి అక్షరం ‘నే’, నాలుగో గణం మొదట ‘ని’. నాలుగో పాదం: పాలును, పంటయు, నుపొంగె, వాడల, నిండన్. అక్కడ ‘పా’కు ‘వా’ సమాధానం చెబుతోంది. ఈ సమాధానాన్నే యతిమైత్రి అంటారు.

‘నే’కూ ‘ని’కీ హల్లు ఒకటే కానీ అచ్చు వేరు. ‘పా’కూ ‘వా’కూ అచ్చు ఒకటే కానీ హల్లు వేరు. అయినా రెండూ చెల్లాయి. మైత్రి అనడంలోనే ఆ సడలింపు ఉంది. అచ్చుల్లో అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఇంకో జట్టు. ఉ, ఊ, ఒ, ఓ మూడో జట్టు. హల్లుల్లో నోటిలో ఒకేచోట పుట్టేవి ఒక జట్టు. క, ఖ, గ, ఘ ఒకటి. త, థ, ద, ధ మరొకటి. ప, ఫ, బ, భలతో వ కూడా చేరుతుంది. చ, ఛ, జ, ఝలతో శ, ష, స కలుస్తాయి. యతి చెల్లాలంటే రెండు షరతులూ ఒకేసారి తీరాలి. హల్లు ఆ హల్లు జట్టులోది కావాలి, దాని మీది అచ్చు ఆ అచ్చు జట్టులోది కావాలి.

ఇలా పక్కపక్కన పెట్టి చూస్తే యతి, ప్రాస ఒకదానికొకటి తిరగేసినట్టు కనిపిస్తాయి. ప్రాసలో హల్లు విషయంలో రవ్వంత సడలింపు లేదు, అచ్చు విషయంలో పూర్తి స్వేచ్ఛ. యతిలో హల్లుకు కొంత, అచ్చుకు కొంత వెసులుబాటు ఉంది, దేనికీ పూర్తి స్వేచ్ఛ లేదు. ప్రాస పాదానికీ పాదానికీ మధ్య నిలువుగా నడుస్తుంది. యతి ఒకే పాదంలో అడ్డంగా నడుస్తుంది. అంత్యప్రాసకు ఇలాంటి పని విభజన లేదు. చివరి రెండు మూడు అక్షరాలు హల్లూ అచ్చూ కలిపి యథాతథంగా మోగాలి, అంతే.

నియమం ఎంత సన్నటిదో తెలియాలంటే పద్యాన్ని కావాలని చెడగొట్టి చూడాలి. మూడో పాదంలో ‘మేలని’ తీసేసి ‘బాగని’ పెడదాం. అర్థం మారలేదు, మాత్రలూ మారలేదు, నడక తూచినట్టు సరిపోయింది. కానీ రెండో అక్షరం ‘గ’ అయింది. పద్యం అక్కడితో పోయింది. ‘మెల్లగ’ పెడదాం. ‘ల’ ఉంది కదా అనిపిస్తుంది. ఉన్నది ‘ల’ కాదు, ‘ల్ల’. జంట అక్షరానికి జంట అక్షరమే ప్రాస, ఒంటి ‘ల’తో అది పొసగదు. అలాగే ఒక పాదంలో ప్రాసాక్షరం ముందు సున్న ఉంటే మిగతా మూడింటిలోనూ సున్న ఉండాలి. ‘పంట’కు ‘వంట’, ‘మంట’, ‘కొంటె’ వస్తాయి కానీ ‘పాట’ రాదు. ఇక ‘పొలమున’ పెట్టి చూద్దాం. రెండో అక్షరం అచ్చమైన ‘ల’, మాత్రలు నాలుగే, గణం కూడా చెల్లుతుంది. అయినా తప్పే. మిగతా మూడు పాదాలూ కా, నే, పా అని గురువుతో మొదలయ్యాయి, ఇది మాత్రం ‘పొ’ అని లఘువుతో మొదలైంది. కందంలో మొదటి పాదం గురువుతో మొదలైతే అన్నీ గురువుతోనే మొదలవ్వాలి. ప్రాసాక్షరం ఒక్కటే చాలదన్నమాట, దాని ముందున్న అక్షరం బరువు కూడా కలవాలి. చెవి పట్టుకునేది ‘ల’ను మాత్రమే కాదు, ఒక పొడుగు అడుగు వేసిన తరువాత వచ్చే ‘ల’ను.

యతిని కూడా ఇలాగే కదిలించి చూద్దాం. నాలుగో పాదంలో ‘వాడల నిండన్’ బదులు ‘గాదెల నిండన్’ అంటే పంట వరకు బొమ్మ ఇంకా చక్కగా కడుతుంది. కానీ ‘పా’కు ‘గా’ పొత్తు కాదు. అచ్చు కలిసింది, హల్లు కలవలేదు. ‘వీధుల నిండన్’ అందాం. ప, వ ఒకే జట్టు, హల్లు కలిసింది. కానీ ‘పా’లో ఆ, ‘వీ’లో ఈ. అచ్చు విడిపోయింది. కొత్తగా పద్యం రాసేవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. సగం కలిసిన యతి కంటికి కలిసినట్టే కనిపిస్తుంది. ‘పల్లెల నిండన్’ అంటే మాత్రం ‘పా’కు ‘ప’ నిక్షేపంగా చెల్లుతుంది.

కంటిని నమ్మడం వల్ల వచ్చే చిక్కు ఇంకొకటుంది. తెలుగులో మాటలు సంధిలో కలిసిపోతాయి కదా, యతి స్థానంలో సంధి జరిగితే ఏ అక్షరాన్ని లెక్కపెట్టాలి? ఆటవెలదిలో రెండో పాదంగా ఇలా రాశామనుకోండి:

అన్న యింటి కేగె నమ్మ కొరకు

ఇక్కడ యతి నాలుగో గణం మొదట రావాలి. చూస్తే అక్కడ ‘న’ ఉంది, పాదం మొదట ‘అ’ ఉంది. తప్పు అనిపిస్తుంది. కానీ ఆ ‘నమ్మ’ నిజానికి ‘ఏగెను, అమ్మ’. ‘న’ వెనక మాటది, ముందు మాట ‘అ’తో మొదలవుతుంది. యతి ఆ దాగిన ‘అ’కే చెల్లుతుంది. అంటే యతి చూడడానికి అక్షరాలు గుర్తుపడితే చాలదు, మాటలు ఎక్కడ అతుక్కున్నాయో తెలియాలి. 17వ శతాబ్దంలో కాకునూరి అప్పకవి తన ‘అప్పకవీయం’లో యతుల రకాలను పేర్లు పెట్టి పెద్ద పట్టికగా ఎక్కించడానికి కారణం ఇలాంటి సందర్భాలే. సంధిలో దాగిన అచ్చుకు ఒక పేరు, సున్న వెంట వచ్చే అక్షరానికి ఒక పేరు, ఒత్తక్షరంలో ఏ హల్లును తీసుకోవచ్చన్నదానికి ఒక పేరు. పట్టిక చూస్తే బెదురు పుడుతుంది కానీ, అందులో అధికభాగం పైన చెప్పిన రెండు షరతులకు వచ్చే చిక్కులూ వాటి పరిష్కారాలే.

యతి అనే మాట సంస్కృతం నుంచి వచ్చింది కానీ అక్కడ దాని పని పూర్తిగా వేరు. సంస్కృత శ్లోకంలో యతి అంటే విరామం. శార్దూల విక్రీడితంలో పాదానికి 19 అక్షరాలు, 12 అక్షరాల తరువాత చదివేవాడు ఆగాలి, కాబట్టి అక్కడ మాట ముగియాలి. తెలుగు కవి అదే వృత్తాన్ని తీసుకున్నాడు. ఆగడం మానేశాడు. 12 తరువాత వచ్చే 13వ అక్షరాన్ని పట్టుకుని, అది పాదం మొదటి అక్షరంతో మైత్రి కలిగి ఉండాలన్నాడు. మాట అక్కడ ముగిసిందా, మధ్యలో ఉందా అన్నది అడగలేదు. సంస్కృతంలో మౌనం ఉన్నచోట తెలుగులో ప్రతిధ్వని వచ్చింది. మత్తేభానికి ఇది 14వ అక్షరం, ఉత్పలమాలకు 10వది, చంపకమాలకు 11వది. ఇరవై అక్షరాల పాదం ఒక్క ఊపిరిలో సాగిపోతున్నప్పుడు, మొదటి ధ్వని మధ్యలో మళ్లీ తగిలి, నడక ఎక్కడి దాకా వచ్చిందో చెవికి చెబుతుంది. ప్రాస కూడా సంస్కృత వృత్తాలకు నియమం కాదు. ఇదంతా ఇక్కడ మనవాళ్లు తొడిగినది.

మనవాళ్లు అంటే తెలుగువాళ్లే అని కూడా కాదు. తమిళ ఛందస్సులో పాదం లోపల మొదటి అక్షరాల పొత్తును మోనై అంటారు, పాదాల రెండో అక్షరాలు కలవడాన్ని ఎతుగై అంటారు. మన యతికీ ప్రాసకూ అవి దగ్గరి చుట్టాలని చూడగానే తెలుస్తుంది. చివరలు కలవడాన్ని వాళ్లు ఇయైబు అని విడిగా పేరు పెట్టి, విడిగానే ఉంచారు. కన్నడ పద్యంలో రెండో అక్షరపు ప్రాస తప్పనిసరి, కానీ మన యతిమైత్రి వంటి నియమం లేదు. దక్షిణాది భాషలు సంస్కృత వృత్తాలను తెచ్చుకున్నప్పుడు కూడా పాదం మొదట్లో ముడి వేసే తమ పద్ధతిని వదులుకోలేదని దీన్నిబట్టి అర్థమవుతుంది. తెలుగులో ఇది నన్నయ భారతం కంటే పాతది. 9వ శతాబ్దపు అద్దంకి శాసనంలోని తరువోజ పద్యం యతి ప్రాసలతోనే రాతికెక్కింది.

మరి మొదట్లోనే ఎందుకు? దీనికి తెలుగు వాక్యం నిర్మాణంలోనే ఒక సమాధానం ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది, క్రియ ప్రత్యయంతో ముగుస్తుంది. వచ్చింది, పోయింది, నవ్వింది, ఏడ్చింది. నామవాచకాలు తీసుకున్నా అంతే: ఊళ్లలో, ఇళ్లలో, కళ్లలో. చివరలు కలపడానికి కవి చేయాల్సిన పని పెద్దగా లేదు, వ్యాకరణమే కలిపి పెడుతుంది. పైన పాటలో పారింది, మారింది అని కలపడానికి ఒక్క క్షణం పట్టలేదు. ప్రత్యయం ఎక్కడైనా అదే కాబట్టి ఆ కలయికలో కొత్తదనం కూడా తొందరగా కరిగిపోతుంది. మాటకు అసలు సరుకు మొదట్లో ఉంటుంది. కాలువ, నేల, మేలు, పాలు అనేవి ధాతువులు, ప్రాతిపదికలు. వాటి రెండో అక్షరాలు కలపాలంటే నిఘంటువంతా గాలించాలి. అక్కడ కుదిరిన పొత్తు వ్యాకరణం దయవల్ల వచ్చింది కాదు, కవి వెతికి తెచ్చుకున్నది.

ఇంకో కారణం ఇంకా బలమైనది. పద్యంలో పాదం చివర వాక్యం ఆగనక్కర్లేదు, మాట కూడా ఆగనక్కర్లేదు. మన కందం మూడు, నాలుగు పాదాలను ఇలా మార్చి చూడండి:

మేలని మెచ్చెను మన భూ
పాలుడు రైతులకు నిచ్చె పట్టువలువలన్

భూపాలుడు అనే మాట రెండు పాదాల మీద పడింది. ‘భూ’ మూడో పాదం చివర, ‘పాలుడు’ నాలుగో పాదం మొదట. ప్రాస చెడలేదు, మే తరువాత ల, పా తరువాత లు. యతీ చెడలేదు, పాలుడు మొదటి ‘పా’కు పట్టువలువలలోని ‘ప’ ఉంది. ఛందస్సు దృష్టిలో ఇది నిర్దోషం. పెద్ద కవులు వృత్తాల్లో పొడవైన సమాసాలను ఇలాగే పాదం దాటించుకుంటూ వెళ్తారు. ఇక్కడ ‘భూ’ అనే ముక్క మీద అంత్యప్రాస వేయమంటే ఏం వేస్తారు? చివరలు కలపాలంటే ముందు చివర అనేది ఉండాలి, అంటే ప్రతి పాదానికీ మాట ముగియాలి, వీలైతే భావమూ ముగియాలి. అంత్యప్రాస పాదాన్ని మూసే పద్ధతి. యతి ప్రాసలు పాదాన్ని తెరిచే పద్ధతి. కొత్త పాదం మొదలైందని రెండో అక్షరం దగ్గర చెవికి తెలిసిపోతుంది కాబట్టి, పాత పాదం ఎక్కడ ముగిసిందో చాటాల్సిన అవసరం ఉండదు. వాక్యం నాలుగు పాదాల మీదుగా తన దారిన తాను పోవచ్చు. పద్యాన్ని పాదానికో మాటగా విరిచి చదివేవాళ్లకు అందులోని అందం ఎందుకు అందదో కూడా ఇక్కడే తెలుస్తుంది. ‘మన భూ’ దగ్గర ఆగితే అర్థం పోతుంది. అర్థాన్నిబట్టి ఆగుతూ, యతి ప్రాసలను వాటంతట అవి వినబడనిస్తూ చదవాలి.

అలాగని పాత కవులకు అంత్యప్రాస తెలియదనుకోకూడదు. అది వాళ్లకు అలంకారం, నియమం కాదు. పోతన భాగవతంలో చివరలు మోగే పద్యాలు బోలెడన్ని ఉన్నాయి, వాటిని జనం కంఠతా పట్టడానికి ఆ మోగడమూ ఒక కారణమే. కానీ అక్కడ కూడా యతి తన చోట తాను ఉంటుంది, అంత్యప్రాస దాని పైన వచ్చి చేరుతుంది. చివరి మోత తీసేస్తే పద్యం పద్యంగానే మిగులుతుంది. యతి తీసేస్తే మిగలదు.

అన్ని పద్యాలకూ ప్రాస నియమం లేదన్నది కూడా చెప్పాలి. వృత్తాల్లోనూ, కందంలోనూ, రెండేసి పాదాలుగా నడిచే ద్విపదలోనూ ప్రాస తప్పనిసరి. ద్విపదను దూరం నుంచి చూస్తే చివరలు కలిపిన జంట పంక్తుల్లా ఉంటుంది కానీ, ముడి పడింది అక్కడ కూడా రెండో అక్షరం దగ్గరే. ఆటవెలది, తేటగీతి, సీసాలకు ఈ నిలువు ప్రాస అక్కర్లేదు, యతి చాలు. పైగా వాటికి ఒక వెసులుబాటు ఉంది. యతి కుదరకపోతే దాని బదులు ప్రాసయతి వేయవచ్చు. ఆటవెలది రెండో పాదం ఒకటి చూడండి:

మల్లె పూలు కోసి మామ కిచ్చె

ఇది మామూలు యతి, ‘మ’కు ‘మా’. దీన్నే ఇలా మార్చితే,

మల్లె పూలు కోసి తల్లి కిచ్చె

‘మ’కూ ‘త’కూ ఏ పొత్తూ లేదు. కానీ మల్లె, తల్లి అనే మాటల్లో రెండో అక్షరం ‘ల్ల’, ‘ల్ల’ అని కలిసింది. పాదాల మధ్య నిలువుగా నడవాల్సిన ప్రాస, పాదం లోపల అడ్డంగా నడిచి యతి పని చేసిపెట్టింది. నా చెవికి మామూలు యతి కంటే ప్రాసయతే గట్టిగా మోగుతుంది. జానపద గేయాల్లో, సామెతల్లో, పొడుపు కథల్లో మల్లె–తల్లి తరహా జంటలు అడుగడుగునా తగులుతాయి. వేమన పేరు మీద చెలామణీలో ఉన్న పద్యాల్లో ఎక్కువ ఆటవెలదులే కాబట్టి, బడి పిల్లలకు కూడా తెలియకుండానే ఈ ప్రాసయతి చెవిన పడి ఉంటుంది.

ఈ నియమాల బలం, వాటి ఇరుకు రెండూ ఒకేసారి కనిపించేది అవధానంలో. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు సాధారణంగా పద్యం చివరి పాదం ఇస్తాడు. ఇచ్చిన క్షణానే మిగతా మూడు పాదాల రెండో అక్షరం ఖాయమైపోతుంది. ఆ పాదం ‘పాలును’ అని మొదలైతే అవధానికి దిగులు లేదు. కాలము, నేలను, మేలగు, వాలిన, చాలును అని మాటలు క్యూ కడతాయి. కానీ పృచ్ఛకుడు ‘రాష్ట్రము’ అని మొదలుపెట్టాడనుకోండి. ఇప్పుడు ప్రాస ‘ష్ట్ర’. ‘ష్ట’ చాలదు, ‘ష్ట్ర’ మొత్తం రావాలి. కష్టము పనికిరాదు, ఇష్టము పనికిరాదు. ఉష్ట్రము అంటే ఒంటె ఉంది కాబట్టి ఒక పాదంలోకి ఒంటె రావచ్చు. దంష్ట్ర అంటే కోర, కానీ దానికి ముందు సున్న ఉంది, కాబట్టి పనికిరాదు. అవధాని అప్పుడు పైన చూసిన ‘భూ–పాలుడు’ దారి పడతాడు. ధృతరాష్ట్రుణ్ణి పద్యంలోకి పిలిచి, ‘ధృత’ను పై పాదం చివర విడిచి, ‘రాష్ట్రుడు’తో కింది పాదం ఎత్తుకుంటాడు. సౌరాష్ట్రం, మహారాష్ట్రం కూడా ఇలాగే చీలి వస్తాయి. పద్యంలో ఒంటెకూ ధృతరాష్ట్రుడికీ చుట్టరికం ఎలా కుదిరిందా అని సభ ఆశ్చర్యపోతుంటే, ఆ చుట్టరికం కుదిర్చింది ప్రాసాక్షరమే. దీన్నే దుష్కర ప్రాస అంటారు.

ఇదే చోట విమర్శ కూడా ఉంది. ప్రాస కోసం అవసరం లేని మాట రావడం, యతి కోసం అర్థం లేని విశేషణం అతకడం తెలుగు పద్యాన్ని చాలాకాలంగా వేధిస్తున్న రోగం. పాదం మధ్యలో ఉన్నట్టుండి ‘వేడ్క’ అనో, ‘నయ్యెడన్’ అనో, ‘భువిన్’ అనో కనబడి, దాన్ని తీసేసినా అర్థంలో చీమంత తేడా రాకపోతే, అది యతి కోసం వచ్చిన మాట అని ఎవరికైనా తెలిసిపోతుంది. పండితులు దీన్ని వ్యర్థపదం అంటారు. మన కందంలో ‘నిగనిగలాడన్’ అలాంటిదేనా? ‘నే’కు జత కావాలి కాబట్టే ‘ని’ వచ్చింది, అందులో దాపరికం లేదు. కానీ అది పచ్చదనం ఎలాంటిదో చెబుతోంది, తీసేస్తే బొమ్మ వెలిసిపోతుంది. అంచేత అది నిలుస్తుందనుకుంటాను. ‘నేలకు పచ్చదన మబ్బె నిజముగ జూడన్’ అని ఉంటే మాత్రలు, యతి అన్నీ సరిపోయేవి, పద్యం మాత్రం చచ్చిపోయేది. యతి కోసం వెతుకులాటలో మంచి మాట తగలడమూ, చెత్త మాటతో సరిపెట్టుకోవడమూ రెండూ జరుగుతాయి. కవి ఎవరన్నది అక్కడ తేలుతుంది. 1910లో గురజాడ ‘ముత్యాల సరములు’ రాసినప్పుడు మాత్రల నడకను ఉంచుకుని యతి ప్రాసల నిర్బంధాన్ని పక్కన పెట్టడం వెనక ఈ విసుగు కూడా ఉంది.

ఈ నియమాలు కవికి ఎంత పని పెట్టాయో, తరువాతివాళ్లకు అంత సాయం చేశాయి. తాటాకుల మీద ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకుంటూ వచ్చిన పద్యాల్లో తప్పులు దొర్లకుండా ఉండవు. సి.పి. బ్రౌన్ పండితుల చేత పలు ప్రతులు పోల్చి చూపించి పాఠాలు సరిచేయించినప్పుడు, ఏ పాఠం సరైనదో తేల్చడానికి అర్థంతో పాటు ఛందస్సూ ఒక తూనిక. మన కందాన్ని ఎవరో ఎత్తి రాస్తూ ‘మేలని’ని ‘మేటని’ అని రాశారనుకోండి. మిగతా మూడు పాదాల్లో ‘ల’ ఉంది కాబట్టి ఇక్కడా ‘ల’ ఉండాలని, పద్యం ఎన్నడూ విననివాడు కూడా చెప్పగలడు. వచనంలో ఈ సౌకర్యం లేదు. అంత్యప్రాస గీతంలో పంక్తి చివర తప్పు పడితే పట్టుకోవచ్చు కానీ, మొదట్లో పడితే ఎవరికీ తెలియదు.

ప్రాస నుంచి ఒక్కోసారి పోయిన ఉచ్చారణ కూడా బయటపడుతుంది. ఊరు, పేరు, నీరు అనే మాటల్లో ఉన్నది ‘ర’. ఏఱు, ఆఱు, నూఱు అనే మాటలను పాత పుస్తకాల్లో బండి ‘ఱ’తో రాస్తారు. నేటి చెవికి రెండూ ఒక్కటే, అందుకే ఇప్పుడు అన్నిటినీ ‘ర’తోనే రాసేస్తున్నాం. ప్రాచీన కవులు మాత్రం ఊరుకు నీరును ప్రాసగా తెచ్చారు, ఏఱుకు నూఱును తెచ్చారు, ఈ గుంపునూ ఆ గుంపునూ కలపలేదు. రాతలో రెండు గుర్తులున్నంత మాత్రాన చెవి రెండుగా వినదు. ప్రాస వేసేది చెవి కోసం కాబట్టి, ఆ రోజుల్లో ర, ఱ నిజంగానే రెండు వేర్వేరు ధ్వనులుగా పలికేవని భాషా చరిత్రకారులు నమ్మడానికి ఆ పద్యాల రెండో అక్షరాలు ఒక గట్టి సాక్ష్యం.